ఏరేసిన జీడిపప్పు: తరగతిలో పుట్టినరోజు తినుబండారాల గురించి

తల్లిదండ్రులకు నమస్కారం.

మూడో తరగతిలో ఈ నెల రెండు పుట్టినరోజులు ఉన్నాయి. అదే తరగతిలో వేరుశనగ, జీడిపప్పు రెండూ పడని పాప ఒకరు ఉన్నారు. ఆ పాప తల్లిగారి అనుమతితోనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

పోయిన ఏడాది మేము చేసిన పొరపాటు ముందు చెప్పాలి. ఒకరి ఇంటి నుంచి పుట్టినరోజు కేసరి వచ్చింది. పైనున్న జీడిపప్పు శ్రద్ధగా ఏరేసి పాపకు పెట్టాం. పది నిమిషాల్లో పెదవులు ఉబ్బాయి, మెడ మీద దద్దుర్లు లేచాయి. డాక్టరు చూశాక సాయంత్రానికి తగ్గింది. జరిగిందేమిటో తర్వాత గానీ మాకు తట్టలేదు. జీడిపప్పు వేయించిన నెయ్యిలోనే రవ్వ కూడా వేయించారు. ఒంటికి పడనిది జీడిపప్పులోని మాంసకృత్తు. అది వేడికి పోదు, పలుకు తీసేసినా నెయ్యిలో ఉండిపోతుంది.

మొన్న, ఈ నెల మొదటి పుట్టినరోజు బాబు తల్లిగారు జాబితాతో వచ్చారు. కేకు, మిక్స్చర్, సున్నుండలు, చాక్లెట్లు. పిల్లలు ముప్పై ఇద్దరు. ఇద్దరం కూర్చుని ఒక్కొక్కటే చూశాం.

మిక్స్చర్‌లో వేరుశనగ కళ్లకే కనిపిస్తుంది. దాని బదులు కారప్పూస తెస్తానన్నారు. కానీ మిఠాయి అంగడిలో రెండూ ఒకే బాణలిలో వేగుతాయి. అందుకే అంగడివాళ్లను ‘ఇందులో పల్లీలు ఉన్నాయా’ అని అడిగితే చాలదు, ‘ఈ నూనెలో ఇంకేమి వేయించారు’ అని అడగాలి. నూనె సంగతి ఇంకొకటి ఉంది. బాగా శుద్ధి చేసిన వేరుశనగ నూనెలో మాంసకృత్తు దాదాపు ఉండదు. మన జిల్లాలో ఇష్టంగా కొనుక్కునే గానుగ నూనెలో అది మిగిలే ఉంటుంది. విడిగా తూచి ఇచ్చే సరుకుకు ఏ నూనె వాడారో చెప్పే చీటీ ఉండదు. కారప్పూస కూడా వద్దనుకున్నాం.

సున్నుండల దగ్గర నాకే మనసు ఒప్పలేదు. మినుములు, బెల్లం, నెయ్యి తప్ప అందులో ఏముంది? ‘పిండి ఏ జారులో పడతారు?’ అని అడిగాను. రోజూ పల్లీ చట్నీ రుబ్బే జారులోనే అన్నారు. ఎంత కడిగినా బ్లేడు కిందా, మూత రబ్బరు సందులోనూ చట్నీ ఇరుక్కునే ఉంటుంది. పిండి మరలో ఆడించినా మనకంటే ముందు ఎవరు ఏమి ఆడించారో తెలియదు. ఆ తల్లి కొంచెం నొచ్చుకున్నారు. ఆ సున్నుండలు ఇంటి దగ్గర నాకు పెడితే కాదనను.

చాక్లెట్ పొట్లం తిప్పి చూశాం. పదార్థాల పట్టిక కింద సన్నని అక్షరాలతో ‘మే కంటైన్ నట్స్’ అని ఉంది. గింజలు కలపలేదు గానీ, అదే యంత్రం మీద గింజలున్న సరుకు కూడా తయారవుతుందని దాని భావం. పక్కన పెట్టేశాం. జీడిపప్పు పడనివారిలో చాలామందికి పిస్తా కూడా పడదు కనుక ఆ పేరు కూడా వెతకండి. పోయిన నెల చూసిన పొట్లమే కదా అని వదిలేయకండి, తయారీ మారుతూ ఉంటుంది.

బేకరీ కేకు విషయంలో, బాదం కేకు కోసిన కత్తితోనే మామూలు కేకూ కోస్తారన్నది చిక్కు. చివరికి ఆ తల్లికే మంచి ఆలోచన వచ్చింది. పుచ్చకాయను అడ్డంగా కోసి, దాని మీద కొవ్వొత్తులు నిలబెడదామన్నారు. దానికి తోడు అరటిపండ్లు, ఇంట్లో పొద్దుతిరుగుడు నూనెతో వేయించిన పాప్‌కార్న్. అందరికీ ఒకే పళ్లెం, పాపకు విడిగా డబ్బా అక్కర్లేదు.

తిరుపతిలో ఉన్నవాళ్లం కనుక లడ్డూ మాట కూడా చెప్పాలి. బంధువులు కొండకు వెళ్లొస్తే పిల్లలు ప్రసాదం బడికి తెచ్చి పంచుకుంటారు. అందులో జీడిపప్పు ఉంటుంది. ప్రసాదాన్ని కాదనమని పిల్లలకు నేర్పడం మాకు ఇష్టం లేదు. అందుకని దయచేసి ఇంట్లోనే పంచండి, సంచిలో పెట్టి పంపకండి.

పుట్టినరోజు నాడు ఉదయం పల్లీ చట్నీతో ఇడ్లీ తిని వచ్చే పిల్లలు కూడా ఉంటారు. తినే ముందు అందరి చేతా సబ్బు, నీళ్లతో చేతులు కడిగిస్తాం. శానిటైజర్ క్రిములను చంపుతుందే గానీ ఈ మాంసకృత్తును తొలగించదు.

పాపకు డాక్టరు రాసిచ్చిన అడ్రినలిన్ ఇంజెక్షన్ ఇప్పుడు ఆఫీసు గదిలో ఉంది. మా నర్సుకు అది వేయడం తెలుసు. తిన్న తర్వాత పాప ఆగకుండా దగ్గినా, గొంతు మారినా, దద్దుర్లతో పాటు వాంతి అయినా ముందు ఇంజెక్షన్, వెంటనే 108కు ఫోను. అలర్జీ సిరప్ పట్టి తగ్గుతుందేమోనని చూస్తూ కూర్చోం.

రెండో పుట్టినరోజు వచ్చే శుక్రవారం. ఏమి తేవాలనుకుంటున్నారో మంగళవారంలోగా తరగతి టీచరుకు చెప్పండి. పొట్లాలైతే వెనుక వైపు ఫొటో పంపండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు