ఇంకా సంపాదించని డబ్బుకు వడ్డీ ఎందుకు?

సంపాదక మహాశయులకు,

మార్చి 15 దగ్గర పడగానే పత్రికలన్నీ ముందస్తు పన్ను చివరి వాయిదాను గుర్తు చేస్తాయి. ఆ వాయిదాను గడువులోగా పూర్తిగా కట్టినా కొందరికి వడ్డీ తప్పదన్న సంగతిని మాత్రం ఎవరూ రాయరు. విదేశీ ప్రచురణకర్తల పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేసే ఫ్రీలాన్సర్‌గా ఆ కొందరిలో నేనూ ఉన్నాను.

టీడీఎస్ పోగా ఏడాదికి పది వేల రూపాయలు, అంతకు మించి పన్ను పడేవారు జూన్ 15 నాటికి 15 శాతం, సెప్టెంబరు 15 నాటికి 45, డిసెంబరు 15 నాటికి 75, మార్చి 15 నాటికి మొత్తం కట్టాలి. మొదటి మూడు వాయిదాల్లో తగ్గిన సొమ్ముకు నెలకు 1 శాతం చొప్పున మూడేసి నెలల వడ్డీ, చివరిదానికి ఒక నెల వడ్డీ పడతాయి. ఇది ఆదాయపు పన్ను చట్టంలోని 234సి సెక్షన్. నెల జీతగాడి మీద దీని బరువు పడదు, అతని పన్నును యజమాని నెలనెలా కోసి కడతాడు. చిక్కంతా ఆదాయం ఒక నెల వచ్చి రెండు నెలలు రానివారితోనే.

2025-26 లెక్కనే చూడండి. అంకెలను కాస్త సర్ది రాస్తున్నాను. ఖర్చులు పోగా జూన్ 15 వరకు నాకు మిగిలింది లక్షన్నర. సెప్టెంబరు 15కి మొత్తం నాలుగు లక్షలు, డిసెంబరు 15కి ఏడు లక్షలు అయింది. అదే వేగాన్ని ఏడాదికి సాగదీసినా పది లక్షలు దాటదు. కొత్త విధానంలో పన్నెండు లక్షల వరకు రిబేటు ఉంది కనుక ఆనాటికి నేను కట్టవలసిన పన్ను సున్నా. జనవరిలో ఒక ప్రచురణ సంస్థ ఒక పుస్తకాల వరుస ఒప్పుకొని, ఫిబ్రవరిలో పదకొండు లక్షలు పంపింది. ఆదాయం పద్దెనిమిది లక్షలకు చేరింది. సెస్సుతో కలిపి పన్ను 1,66,400 రూపాయలు. మార్చి 15లోపు అణాపైసలతో కట్టేశాను.

అయినా రిటర్ను లెక్కలో వడ్డీ తేలింది. ఫిబ్రవరిలో ఖాయమైన పన్నును చట్టం వెనక్కి తీసుకెళ్లి, అందులో 15 శాతాన్ని జూన్‌లోనే కట్టి ఉండాల్సిందని అంటుంది. వందకు లోపలి చిల్లర వదిలేస్తే జూన్ వాయిదా 24,900 మీద 747, సెప్టెంబరుది 74,800 మీద 2,244, డిసెంబరుది 1,24,800 మీద 3,744. మొత్తం 6,735 రూపాయలు. జూన్‌లో 12, సెప్టెంబరులో 36 శాతం కట్టినవారికి ఆ రెండు వాయిదాల వడ్డీ ఉండదన్న సడలింపు ఉంది గానీ, సున్నా కట్టినవారికి దానితో పని లేదు.

పదకొండు లక్షలు ఇచ్చింది భారతీయ సంస్థ అయి ఉంటే పది శాతం, అంటే 1,10,000 టీడీఎస్ కోసేదనుకుందాం. అది ఫిబ్రవరిలో కోసినా సరే, జూన్ వాయిదా లెక్కలోనూ మినహాయిస్తారు. మిగిలిన 56,400కు వడ్డీ 2,280 రూపాయలే. అదే బొమ్మలు, అదే డబ్బు, అదే నెల. పంపినవాళ్లు ఏ దేశంలో ఉన్నారన్నదే తేడా.

ముందుగా ఊహించలేని ఆదాయం ఉంటుందని చట్టానికి తెలియక కాదు. జనవరిలో శంకర్‌పల్లిలో ప్లాటు అమ్మినవారు మూలధన లాభం మీద పన్నును మార్చి 15లోపు కడితే వెనుకటి వాయిదాలకు వడ్డీ అడగరు. లాటరీకీ, డివిడెండుకూ ఇదే మినహాయింపు. వృత్తి ఆదాయం తొలిసారి వచ్చిన ఏడాదికీ వర్తిస్తుంది, రెండో ఏడాది నుంచి లేదు. రెండో ఏట ఫ్రీలాన్సర్‌కు జోస్యం వస్తుందని చట్టం నమ్మకం కాబోలు! ఇక 44ఏడీఏ కింద రాబడిలో సగాన్ని లాభంగా చూపే వైద్యులు, న్యాయవాదులు, ఇంజినీర్లు పన్నంతా ఒకేసారి మార్చి 15న కట్టవచ్చు. పుస్తకాలకు బొమ్మలు వేయడం ఆ వృత్తుల జాబితాలో లేదు.

ఆరేడు వేలకు ఇంత గొడవా అనవచ్చు. వడ్డీ అన్నది చెల్లించవలసిన సొమ్మును ఆపుకున్నందుకు పడాలి. జూన్‌లో నా దగ్గర లేనిదాన్ని, వస్తుందని తెలియనిదాన్ని నేను ఆపుకోలేదు. మార్చిలో కూడా కట్టకుండా జూలైలో రిటర్నుతో పాటు కట్టి ఉంటే చివరి వాయిదాకు 1,664, ఆపైన 234బి కింద ఏప్రిల్ నుంచి నాలుగు నెలలకు 6,656 పడేవి. దానికి నేను అభ్యంతరం చెప్పను, డబ్బు చేతికి వచ్చాక ఆలస్యం చేయడం నా తప్పే అవుతుంది కనుక.

సవరణ కూడా కష్టం కాదు. మూలధన లాభం ఏ గడువు లోపల వచ్చిందో చూపడానికి రిటర్ను ఫారంలో ఇప్పటికే అయిదు గడుల పట్టిక ఉంది. అలాంటిదే వృత్తి ఆదాయానికీ పెట్టి, ఏ గడువుకు ఆ గడువు వరకు వచ్చిన ఆదాయం మీదే వాయిదా లెక్కగట్టాలి. ఆదాయాన్ని కావాలని చివరి గడిలోకి జరుపుతారన్న భయముంటే బ్యాంకులో జమ అయిన తేదీలను సరిచూడవచ్చు. అమెరికాలో ఎగుడుదిగుడు ఆదాయం ఉన్నవారు 2210 ఫారంలోని ఏఐ షెడ్యూలు నింపి ఈ పద్ధతినే ఎంచుకుంటారు.

2026 ఏప్రిల్ నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమలవుతున్నా ఈ వాయిదాలు అలాగే ఉన్నాయి. వచ్చే బడ్జెట్‌కు ముందు ఆర్థిక శాఖ సూచనలు కోరేటప్పుడు మన రెండు రాష్ట్రాల ఎంపీలు ఈ ఒక్క పట్టిక గురించి అడగాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక చిత్రకారిణి,
విజయవాడ