వరి నారుమడి లెక్కను మొక్కల్లో చెప్పించండి: రాష్ట్ర వ్యవసాయ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. ఎకరా వరి నాటడానికి 20 నుంచి 25 కిలోల విత్తనం, 5 సెంట్ల నారుమడి కావాలని మన కరపత్రాలు ఏళ్ల తరబడి చెబుతున్నాయి. సాంబ మసూరికీ అదే మాట, కాటన్ దొర సన్నాలకూ అదే మాట. జూన్‌లో నారు పోసి జులైలో నాటే చేనికీ, కాలువ నీళ్లు అందక ఆగస్టు చివర నాటే చేనికీ అదే మాట. ఈ రెండు అంకెలూ ఒకదానితో ఒకటి పొసగవు. ఎందుకు పొసగవో లెక్క కట్టి చూపించి, శాఖ ఏం మార్చాలో అడగడానికే ఈ లేఖ.

ఖరీఫ్‌లో చదరపు మీటరుకు 33 కుదుళ్లు ఉండాలని శాఖ సిఫార్సు చేస్తుంది. అంటే వరుసల మధ్య 20 సెంటీమీటర్లు, వరుసలో కుదురుకీ కుదురుకీ మధ్య 15 సెంటీమీటర్లు. ఒక్కో కుదురుకు 300 చదరపు సెంటీమీటర్ల చోటు. ఎకరా అంటే 4,047 చదరపు మీటర్లు కాబట్టి గట్టు నుంచి గట్టుకు నాటితే 1,34,900 కుదుళ్లు పడతాయి. సుడిదోమ చేరకుండా ప్రతి 2 మీటర్లకూ తూర్పు పడమరలుగా 20 సెంటీమీటర్ల కాలిబాట వదలాలని కూడా శాఖే చెబుతుంది. అంటే పది వరుసలు నాటి పదకొండోది వదిలేయాలి. ఆ లెక్కన ఎకరాకు మిగిలేవి 1,22,600 కుదుళ్లు. గట్లు, బోదెలు పోయే చోటు ఒక్కో చేనికి ఒక్కోలా ఉంటుంది కనుక దాన్ని ఇక్కడ తీసివేయలేదు.

కుదురుకు మూడు మొక్కలు పెడితే 3,67,900 మొక్కలు. నాటిన వారం పది రోజులకు చచ్చిన చోట్ల మళ్లీ పెట్టడానికి నూటికి ఐదు కలుపుకుంటే 3,86,300. పొలం అడిగేది ఇంతే. మిగతా లెక్కంతా ఈ మొక్కలను ఎన్ని గింజల నుంచి, ఎంత మడిలో తీయాలన్నదే.

ధ్రువీకరించిన వరి విత్తనానికి కనీస మొలక శాతం 80. మొలిచినవన్నీ నాట్లకు రావు. పిట్టలు తినేవి, పల్లంలో నీరు నిలిచి కుళ్లేవి, పీకేటప్పుడు తెగేవి, ఎదగకుండా సన్నగా మిగిలిపోయేవి కలిపి నాలుగో వంతు పోతాయనుకోవడం సురక్షితమైన అంచనా. వెరసి వెయ్యి గింజలు చల్లితే నాటడానికి పనికొచ్చేవి 600 మొక్కలు. 3,86,300 మొక్కలకు చల్లాల్సినవి దాదాపు 6,44,000 గింజలు.

కిలోల ప్రస్తావన రావాల్సింది ఇక్కడే, అప్పుడే రకం పేరు కూడా రావాలి. సాంబ మసూరి, అంటే బీపీటీ 5204, వెయ్యి గింజలు దాదాపు 15 గ్రాములు తూగుతాయి. కాటన్ దొర సన్నాలు, అంటే ఎంటీయూ 1010, దాదాపు 23 గ్రాములు తూగుతాయి. అవే 6,44,000 గింజలు సాంబ మసూరిలో 10 కిలోల లోపు, కాటన్ దొర సన్నాల్లో 15 కిలోల లోపు. రెండింటికీ 20 కిలోలని చెప్పడమంటే మొదటి రకం రైతు చేత రెట్టింపు విత్తనం కొనిపించడమే.

నారుమడి విస్తీర్ణానికి మాత్రం గింజ బరువుతో పని లేదు, మొక్కల సంఖ్యతోనే పని. 25 నుంచి 30 రోజులు మడిలో ఉండే నారుకు గింజకు 3 చదరపు సెంటీమీటర్ల చోటైనా దొరకాలి. అంటే చదరపు మీటరుకు 3,300 గింజలు. సాంబ మసూరిలో ఇవి 50 గ్రాములు, కాటన్ దొర సన్నాల్లో 76 గ్రాములు. 6,44,000 గింజలకు 195 చదరపు మీటర్లు, అంటే 4.8 సెంట్లు కావాలి. కరపత్రంలోని 5 సెంట్ల అంకె సరైనదే. అయితే అది 10 కిలోల సాంబ మసూరికి సరైనది, 20 కిలోలకు కాదు. పైగా అది మొక్క ఉండే చోటు మాత్రమే. మీటరున్నర వెడల్పు మడులు చేసి, మధ్యలో 30 సెంటీమీటర్ల కాలువలు తీస్తే దమ్ము చేయాల్సిన నేల ఐదో వంతు పెరిగి దాదాపు 6 సెంట్లు అవుతుంది. రైతు గట్లు పోను 5 సెంట్లు గుర్తుపెట్టుకుని, అందులోనే కాలువలు తీసి, 20 కిలోలు చల్లుతాడు.

అలా చల్లిన మడి ఎలా ఉంటుందో చూడండి. 20 కిలోల సాంబ మసూరిలో 13 లక్షలకు పైగా గింజలు ఉంటాయి. కాలువలు తీయకుండా 5 సెంట్లంతా చల్లినా గింజకు దక్కేది చదరపు సెంటీమీటరున్నర. పదిహేనో రోజుకు నారు చూడ్డానికి పచ్చగా, నిండుగా బాగుంటుంది. పిడికెడు పీకి చూస్తే తెలుస్తుంది: మొదలు నూలు పోగంత సన్నగా, కింది ఆకులు పసుపు పచ్చగా, మొక్క మొత్తం వెలుగు కోసం పైకి సాగి ఉంటుంది. నాలుగైదు ఆకుల దశలో మొదటి పిలకల మొగ్గలు కదలాలి. కిక్కిరిసిన మడిలో అవి పుట్టకముందే అణిగిపోతాయి. పొలంలో పెట్టాక ఆ మొక్క వేరు పట్టడానికే ఎక్కువ రోజులు తీసుకుంటుంది. ఒక్క మొక్కను నమ్మలేక కూలీలు ఐదారు మొక్కలు కలిపి గుచ్చుతారు. ఆ లెక్కన నారు సరిపోవడానికి వచ్చే ఏడు రైతు ఇంకో ఐదు కిలోలు ఎక్కువ చల్లుతాడు. విత్తనం పెరిగేకొద్దీ మొక్క బలహీనపడుతుంది, మొక్క బలహీనపడేకొద్దీ విత్తనం పెరుగుతుంది.

రైతుకు తెలివి లేక ఎక్కువ చల్లుతున్నాడని ఎవరూ అనుకోవద్దు. 20 కిలోల వెనక ఒక భయం ఉంది, ఆ భయానికి లెక్క కూడా ఉంది. కృష్ణా డెల్టా శివారు భూములనే తీసుకోండి. నారు బోరు నీళ్లతో పెరుగుతుంది, పొలం దమ్ముకు కాలువ నీళ్లు రావాలి. అవి మూడు వారాలు ఆలస్యమైతే నారుకు యాభై రోజులు దాటుతాయి. ముదురు నారు పొలంలో పిలకలు పెద్దగా వేయదు కాబట్టి కుదుళ్లు దగ్గర చేసి, కుదురుకు మొక్కలు పెంచాలి. 15 సెంటీమీటర్లకు 15 సెంటీమీటర్ల దూరంలో చదరపు మీటరుకు 44 కుదుళ్లు. కాలిబాటలు పోను ఎకరాకు 1,63,500. కుదురుకు నాలుగేసి మొక్కలు, నూటికి ఐదు అదనం కలిపితే 6,87,000 మొక్కలు. సాంబ మసూరిలో అది 17 కిలోల విత్తనం. రైతు చల్లే 20 కిలోలకు ఇది ఎంత దగ్గరగా ఉందో గమనించండి. రైతు ఆలస్యాన్ని ముందే లెక్కలో వేసుకుంటున్నాడు. కానీ ఈ 17 కిలోలకు మొక్క నిలిచే చోటే 8.5 సెంట్లు, కాలువలతో కలిపి 10 సెంట్లు కావాలి. విత్తనం పెంచాడు గానీ మడి పెంచలేదు. ఎక్కువ రోజులు మడిలో ఉండబోయే నారుకే తక్కువ చోటు దక్కింది. పచ్చదనం తగ్గిందని మధ్యలో యూరియా వేస్తే అగ్గితెగులుకు లొంగే సాంబ మసూరి నారు మీద మచ్చలు మొదలవుతాయి.

అందుకే మా మొదటి కోరిక విత్తనం గురించి కాదు, నీళ్ల గురించి. జలవనరుల శాఖతో మాట్లాడి, ఏ కాలువ శివారుకు ఏ వారంలో నీరు చేరుతుందో ఆ కాలువ పేరుతో, నీరు చేరడానికి కనీసం 30 రోజుల ముందు రైతు సేవా కేంద్రాల్లో రాయించండి. నారుకు కావాల్సిన గడువు అంతే కాబట్టి 30 రోజులన్నాం. డెల్టా మొత్తానికి కలిపి ఒకే విడుదల తేదీ ప్రకటిస్తే, గేటు ఎత్తిన రోజు తెలుస్తుంది గానీ తన చేలోకి నీరొచ్చే రోజు శివారు రైతుకు తెలియదు. ఆ వారం తెలిస్తే నారు పోసే రోజును అతను వెనక్కి జరుపుకుంటాడు, 10 కిలోలతో సరిపెట్టుకుంటాడు.

రెండోది, విత్తన సంచి. ఆ లాటు వెయ్యి గింజల బరువును మొలక శాతం పక్కనే ముద్రించమని విత్తన సంస్థలను ఆదేశించండి. అదే రకం పంట ఒక ఏడు నిండుగా, ఒక ఏడు తేలిగ్గా వస్తుంది కాబట్టి పుస్తకంలోని బరువు చాలదు. రాయితీ విత్తనాన్ని 25, 30 కిలోల సంచులతో పాటు 5 కిలోల సంచుల్లోనూ ఇప్పించండి. ఎకరం రైతుకు పెద్ద సంచి అంటగడితే, మిగిలింది దాచుకోలేక అదీ మడిలోనే చల్లేస్తాడు.

మూడోది, సేవా కేంద్రంలో ఒక చిన్న తూనిక. సొంత విత్తనం వాడే రైతు తెచ్చిన వడ్లలో వెయ్యి గింజలు లెక్కపెట్టి తూచి, వంద గింజలు తడి గోనెలో మండె కట్టి ఎన్ని మొలిచాయో చూసి చెప్పాలి. అంతకు ముందు ఉప్పు నీటిలో పోసి తేలిన తాలు తీసేయించాలి, లేకపోతే లెక్కంతా తప్పుతుంది. దాళ్వాకు కొత్తగా కోసిన వడ్లు తెస్తే నిద్రావస్థ తీరిందో లేదో చూడాలి. తీరని విత్తనం పరీక్షలో మొలవకపోతే అది చెడ్డదని పొరపడి మోతాదు పెంచేస్తారు. మొలక 80 కాక 65 వస్తే, మన లెక్కలోని 10 కిలోలు 12 అవుతాయి. అంతకు మించి పెంచాల్సిన పని లేదు.

ఈ లెక్క నిలబడేది వరుస నాట్లలోనే. ఎకరాకు ఇంత అని గుత్తకు ఇచ్చిన నాట్లలో కుదుళ్లు చదరపు మీటరుకు 20, 25కు పడిపోతాయి, మొక్కలు మాత్రం కుదురుకు ఆరేడు ఉంటాయి. అలాంటి చోట 10 కిలోల నారు చివరి మడికి రాకముందే అయిపోతుంది, తప్పు విత్తనం మీద పడుతుంది. నాట్లు వేసే ముఠాలకు 15 సెంటీమీటర్లకో ముడి వేసిన తాళ్లు ఇప్పించండి. నాటుతున్న రోజే మీ సిబ్బంది మీటరు చట్రాన్ని చేలో మూడు చోట్ల వేసి కుదుళ్లు లెక్కపెట్టాలి. చట్రంలో 30 కన్నా తక్కువ వస్తే అక్కడే తాడు సరిచేయించవచ్చు, మర్నాటికి ఆ అవకాశం ఉండదు.

కరపత్రంలో మార్చాల్సింది రెండు వరుసలే. ఎకరాకు కిలోలు అని ఉన్న చోట కుదుళ్ల దూరం, కుదురుకు మొక్కలు, వెయ్యి గింజల బరువు, మొలక శాతం అని నాలుగు గడులు పెట్టండి. నారుమడి సెంట్ల దగ్గర, మడుల మధ్య కాలువలు కలుపుకుని సకాలపు నాట్లకు 6, ఆలస్యపు నాట్లకు 10 అని రాయించండి. వచ్చే ఖరీఫ్ కరపత్రాలు అచ్చుకు వెళ్లే ముందే ఈ మార్పు జరగాలని కోరుతున్నాం.

ఇట్లు,
వరి సాగు చేసేవాళ్లం, సాగు సలహాలు చెప్పేవాళ్లం