ప్లాస్టింగ్ మొదలెట్టే ముందు ఇది చదువు

ఒరేయ్ సూరీ,

నిన్న ఫోన్లో నువ్వు అడిగిన రెండూ, గోడ చదునుగా రావడానికి పాయింట్లు ఎలా వేయించాలి, పిల్లర్ పక్కన బీట రాకుండా జాలీ ఎలా వేయించాలి అన్నవి, మాటల్లో చెప్తే సగం గాలికి పోతాయని ఇలా కూర్చుని రాస్తున్నాను. చెల్లెమ్మ ఆరోగ్యం కుదుటపడిందని విని సంతోషం. ఇంటి పని టెన్షన్ ఆమె మీద పెట్టకు, గోడల సంగతి మనిద్దరం చూసుకుందాం. ఇటుక పని అయిపోయింది, కరెంటు పైపులు వేసేశారు, సోమవారం నుంచి లోపలి ప్లాస్టింగ్ అన్నావు. అంటే అడగాల్సిన సమయంలోనే అడిగావు.

మీ హాల్లో వీధి వైపు గోడ ఫోటో చూశాను. రెండు పిల్లర్ల మధ్య 14 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు, పైన బీము. ఆ ఒక్క గోడ సరిగ్గా చేయించుకుంటే మిగతావన్నీ మీ మేస్త్రి గారే అదే పద్ధతిలో లాక్కుపోతారు. కాబట్టి ఆ గోడ గురించే రాస్తాను.

మొదట గోడకి దారం కట్టించు. ఒక పిల్లర్ నుంచి రెండో పిల్లర్ దాకా, రెండు చివర్లా గోడకి 25 మి.మీ. ఎడంగా దారం లాగి, ఆ దారానికీ గోడకీ మధ్య సందు టేపుతో అక్కడక్కడ కొలవాలి. పైన ఒకసారి, మధ్యలో ఒకసారి, కింద ఒకసారి, ఆ తర్వాత మూల నుంచి మూలకి ఐమూలగా రెండుసార్లు. మధ్య, కింది దారాల చివర్లకి ఆ 25 కొలత గోడ నుంచి కాకుండా, పై దారం నుంచి గుండు వేలాడదీసి తెచ్చుకోవాలి. అప్పుడే పిల్లర్ వాలి ఉంటే ఆ తేడా బయటపడుతుంది. మీ గోడకి ఉదాహరణగా ఇలా వచ్చిందనుకో: పిల్లర్ల దగ్గర 25, నడుమ ఇటుకలు ఉబ్బిన చోట 15, కుడివైపు కింద గుంట పడిన చోట 33. ఉబ్బు మీద కూడా కనీసం 10 మి.మీ. మాలు పట్టాలి, అంతకన్నా పలచన అయితే ఇటుక జాయింట్లు రంగులోంచి కనిపిస్తాయి. ఉబ్బు మీద 10 అంటే పూత ముఖం దారానికి 5 మి.మీ. లోపల ఉంటుంది. అప్పుడు పిల్లర్ల మీద 20, గుంటలో 28 పడుతుంది.

28 మి.మీ. ఒక్క దెబ్బలో వేస్తే మాలు బరువుకి జారుతుంది, ఆరాక బీటలిస్తుంది. అందుకని మేస్త్రి గారిని సుత్తి, ఉలి పట్టుకుని ఆ ఉబ్బిన ఇటుకల్ని 5 మి.మీ. చెక్కేయమను. అరగంట పని. చెక్కగానే లెక్క మారిపోతుంది: ఉబ్బు మీద 10, పిల్లర్ల మీద 15, గుంటలో 23. గోడ మొత్తం మీద 5 మి.మీ. మందం తగ్గింది. ఒక పాలు సిమెంటుకి ఆరు పాళ్లు ఇసుక కలిపిన మాలుకి ఆ ఒక్క గోడ మీదే సుమారు మూడోవంతు బస్తా సిమెంటు మిగిలినట్టు. గుంటని మాత్రం ముందు రోజే ఓ 10 మి.మీ. పూడ్చి, తాపీ కొనతో గీతలు గీసి వదిలేయాలి. మర్నాడు దాని మీద మిగిలింది పడుతుంది.

ఇప్పుడు పాయింట్లు. మా వైపు కొందరు బుల్ మార్కులంటారు, కొందరు బిళ్లలంటారు. అరచేయంత మాలు ముద్దని గోడకి కొట్టి, దాని ముఖాన్ని సరిగ్గా పూత ఎక్కడికి రావాలో అక్కడికి చదును చేస్తారు. పై వరసలో ఒక చివర ఒకటి, రెండో చివర ఒకటి ముందు వేసి, వాటి మధ్య దారం లాగి నడిమివి వేయాలి. మూల నుంచి ఒక అడుగు వదిలి మొదటిది, తర్వాత నాలుగేసి అడుగులకి ఒకటి. అంటే 1, 5, 9, 13 అడుగుల దగ్గర. ఎత్తులో నేల నుంచి 1, 5, 9 అడుగుల దగ్గర మూడు వరసలు. మొత్తం పన్నెండు. నాలుగడుగులే ఎందుకంటే, మీ మేస్త్రి దగ్గర మాలు చదును చేయడానికి ఉన్న అల్యూమినియం బద్ద ఆరడుగులది. బద్ద ఎప్పుడూ రెండు పాయింట్ల మీద ఆని, ఇంకాస్త బయటికి రావాలి. బద్ద కన్నా దూరంగా పాయింట్లు పెట్టే వాళ్లని చూశాను. వాళ్లు గోడని బద్దతో కాదు, కంటితో చేస్తున్నట్టే.

పై పాయింటు నుంచి కింది పాయింటుకి గుండు పట్టేటప్పుడు నువ్వు పక్కన నిలబడి చూడు. గుండుతో పాటు దారంలో ఒక చెక్క ముక్క ఉంటుంది, దాని వెడల్పూ గుండు వెడల్పూ ఒకటే. ఆ చెక్కని పై బిళ్ల ముఖానికి ఆనించి గుండు వదిలితే, అది కింది బిళ్లని తాకీ తాకనట్టు ఉండాలి. బిళ్లకి ఆని వాలిపోయి ఆగితే కింది బిళ్ల ముందుకొచ్చినట్టు, సందు కనిపిస్తే లోపలికి పోయినట్టు. ఫ్యాన్ గాలికి, బయటి గాలికి గుండు ఊగుతుంది, ఆగేదాకా ఆగమను. తొందరపడేది ఇక్కడే.

ఇంకో మాట. బిళ్లల ముఖం నీ ఇష్టం వచ్చినచోట ఉండదు. ఆ గోడలో ఇప్పటికే బిగించిన ద్వారబంధం, స్విచ్ బాక్సుల అంచులు ఉన్నాయి కదా, పూత వాటికి సరిపోవాలి. దారం లెక్క వేసేటప్పుడే ద్వారబంధం అంచు ఎంత ముందుకుందో చూసుకోకపోతే, తర్వాత గుమ్మం చుట్టూ గోడని వంచి అతుకుతారు. ఆ వంపు ట్యూబులైటు వేసిన రోజు తెలుస్తుంది.

కొందరు మాలు బిళ్ల బదులు టైలు ముక్క అతికించి పాయింటు అంటారు. నాకు నచ్చదు. నున్నటి టైలుకి మాలు సరిగా పట్టదు, తర్వాత అక్కడే గుల్ల శబ్దం వస్తుంది. గోడకి వాడే మాలుతోనే బిళ్ల వేయించు, ముందు రోజు సాయంత్రం వేస్తే మర్నాటికి బద్ద ఆనేంత గట్టిపడుతుంది. ఆ తర్వాత పై బిళ్ల నుంచి కింది బిళ్లకి నిలువుగా జానెడు వెడల్పు పట్టీలు వేసి, పట్టీల మధ్య మాలు కొట్టి, బద్దని రెండు పట్టీల మీద ఆనించి కింద నుంచి పైకి అటూ ఇటూ రంపంలా ఆడిస్తూ లాగుతారు. ఎక్కడైనా గుంట మిగిలితే అక్కడ మాలు వేసి మళ్లీ లాగాలి. రుద్దే చెక్కతో పూడ్చేస్తే చదును పోతుంది.

ఇక పిల్లర్ పక్కన వచ్చే బీట సంగతి. మీ పాత ఇంట్లో బీము నుంచి నేల దాకా గీత గీసినట్టు నిలువుగా దిగిందని చెప్పావే, అదే. కాంక్రీటూ కాలిన ఇటుకా ఒకే రకంగా నడుచుకోవు. కాంక్రీటు పోసినప్పటి నుంచి ఏళ్ల తరబడి కొంచెం కొంచెం కుంచించుకుపోతూ ఉంటుంది. బట్టీ ఇటుకేమో గాల్లో తేమ పీల్చుకుని ఒక పిసరు పెరుగుతుంది. ఎండకి కాంక్రీటు ఇటుక కన్నా రమారమి రెట్టింపు సాగుతుంది. దానికి తోడు, పిల్లర్ ముఖం సెంట్రింగ్ ప్లేటుకి నున్నగా వచ్చి ఉంటుంది, మాలు దాన్ని గట్టిగా పట్టుకోదు. ఇన్ని కదలికలూ ఆ ఒక్క గీత దగ్గర పడితే పైనున్న పూత చిరగక ఏం చేస్తుంది?

అందుకే ఆ కీలు మీద, అంటే పిల్లరూ బీమూ ఇటుకతో కలిసే గీత మీద, పూత లోపల జాలీ వేస్తారు. జాలీ ఆ కదలికని ఆపదు. ఒక్క గీత మీద పడే లాగుడుని అడుగు వెడల్పుకి పంచుతుంది, అందుకే పెద్ద బీట రాదు. అందుకని కీలు మీద పిల్లర్ వైపు ఆరంగుళాలు, ఇటుక వైపు ఆరంగుళాలు రావాలి. అందరూ కోళ్ల జాలీ అంటారు. జింకు పూసింది, అరంగుళం గళ్లది తీసుకో. పూత లేని ఇనుప జాలీ అయితే తుప్పు పట్టి గోధుమ రంగు మరకలు బయటికొస్తాయి. ఫైబర్ జాలీ తీసుకుంటే సిమెంటు క్షారానికి తట్టుకునేదేనా అని అడుగు. తట్టుకోని రకం సిమెంటులో కొన్నాళ్లకి పొడి పొడి అవుతుంది.

జాలీ ముందు పిల్లర్‌కీ, బీముకీ ఉలితో గాట్లు పెట్టించు. గాట్లు పైపైనే, లోపల కమ్మీలు బయటపడేంత లోతు పోకూడదు. గాట్ల తర్వాత నీళ్లు చల్లి, సిమెంటు, ఇసుక పలచగా కలిపి చిమ్మి గరుకుగా ఆరనిస్తే ఇంకా మంచిది.

నేను ఎక్కువగా చూసిన తప్పు జాలీని గోడకి అంటించి మేకులు కొట్టేయడం. అప్పుడు వైరు వెనక మాలు పోదు, వైరుకీ గోడకీ మధ్య ఖాళీ మిగిలి గుల్ల అవుతుంది. జాలీ పూత మందానికి నడిమధ్యన ఉండాలి. దానికి తేలిక దారి ఇది: కీలు మీద ముందు ఆరేడు మి.మీ. మాలు కొట్టు, అది పచ్చిగా ఉండగానే జాలీని సాగదీసి దాంట్లోకి నొక్కు, అక్కడక్కడ జింకు మేకులతో పట్టించు, పైన మిగిలిన మాలు వెయ్యి. ముక్కకి ముక్క కలిసే చోట రెండు మూడంగుళాలు ఒకదాని మీద ఒకటి ఎక్కాలి. ఎలక్ట్రిషియన్ పైపుల కోసం కొట్టిన గాడుల మీద కూడా ఇదే, ముందు గాడిని మాలుతో నిండా కుక్కాక.

ఇప్పుడు పైన చేసిన లెక్క చూడు. పిల్లర్ల మీద 15 మి.మీ. వచ్చింది కదా, అందులో జాలీ కింద ఏడు, పైన ఏడు హాయిగా పడుతుంది. అదే పిల్లర్ ముందుకొచ్చి అక్కడ ఎనిమిదే మిగిలితే జాలీ గళ్లు పూతలోంచి కనిపించేవి. అందుకే పాయింట్లు పూర్తయ్యాక, జాలీ కొట్టక ముందు, కీళ్ల మీద దారం కట్టి మందం కొలిపించు. 12 కన్నా తక్కువ ఉంటే పాయింట్లనే కొంచెం ముందుకి తీసుకురావాలి, అప్పటికి ఇంకా సమయం ఉంటుంది.

బీము కింద వరస గురించి మాత్రం మేస్త్రి గారిని గట్టిగా అడుగు. గోడ కట్టిన రోజే చివరి ఇటుకని బీముకి బిగించేస్తే, కింద జాయింట్లలో మాలు ఆరి గోడ కొంచెం కుంగాక అక్కడ సందు పడుతుంది. పైన స్లాబు బరువుకి బీము వంగితే గోడ మీద కూర్చుంటుంది. చివరి వరస వదిలి, కనీసం వారం రోజుల తర్వాత కుక్కి నింపాలి. కీలు ఇప్పటికే కదులుతుంటే జాలీ వేసినా లాభం లేదు, బీట జాలీ అంచు దగ్గరికి జరుగుతుంది, అంతే. మెట్లు మెట్లుగా ఐమూలగా ఇటుక జాయింట్ల వెంట వచ్చే బీటకీ ఇదే మాట, అది చాలావరకు పునాది కుంగడం వల్ల వచ్చేది. ఫోటో తీసి పంపు, దాని సంగతి వేరే చూద్దాం.

మిగతావి నీకు తెలిసినవే. ఇటుక గోడని ముందు రోజు సాయంత్రం బాగా తడపాలి, కాంక్రీటుకి తేమ చాలు. నీళ్లు పోసిన మాలు గంటలోపు అయిపోవాలి, ఎండిన మాల్లో మళ్లీ నీళ్లు పోసి కలుపుతుంటే ఆపించు. నున్నగా రావాలని పైన పొడి సిమెంటు జల్లి రుద్దితే వెంట్రుకల్లాంటి పగుళ్లు వల అల్లుకుంటాయి, అది చాలామందికి అలవాటు. మర్నాటి నుంచి వారం రోజులు నీళ్లు కొట్టు. ఎండిన గోడని తాపీ పిడితో తట్టి చూస్తే గుల్లగా మోగిన చోటు తెలుస్తుంది. బద్ద పెట్టి టార్చ్ వేస్తే కింద నుంచి వెలుగు ఎక్కడ వస్తోందో కనిపిస్తుంది. ఆరడుగుల బద్దకి 3 మి.మీ. దాకా నేను పట్టించుకోను, అంతకు మించితే మాత్రం డబ్బులివ్వకముందే చెప్పు.

సోమవారం పాయింట్లు వేశాక, మాలు కొట్టక ముందే, పిల్లర్ల పక్కన టేపు పెట్టి నాలుగు ఫోటోలు పంపరా. మందం చూసి సాయంత్రం ఫోన్ చేస్తాను. పిల్లలకి ముద్దులు.

నీ
రాజా