ఒకే లెన్సు అమ్మకానికి, కనీసం రెండు లెన్సుల ఫోటోలు: మూసేసిన నా ఫిర్యాదును తిరిగి తెరవండి

ఫిర్యాదుల పరిష్కార విభాగం అధికారి గారికి,

విషయం: మీ వేదికపై కొన్న పాత కెమెరా లెన్సు ప్రకటనలో ఇతరుల ఫోటోలు వాడడం గురించి.

అయ్యా,

మీ వేదిక ద్వారా ఒక విక్రేత వద్ద వాడిన 50 మి.మీ. లెన్సు కొన్నాను. ప్రకటనలో ఆరు ఫోటోలు ఉన్నాయి. వాటి కింద విక్రేత "ఫోటోల్లో ఉన్నదే మీకు వస్తుంది, గాజు శుభ్రంగా ఉంది" అని రాశారు. నాకు చేరిన లెన్సులో లోపలి గాజు మీద ఫంగస్ దారాలు అల్లుకుని ఉన్నాయి. ముందు ఉండే ఫిల్టర్ రింగు ఒకచోట నొక్కుకుపోయింది. నేను ఫిర్యాదు చేస్తే మీ సిబ్బంది రెండు జవాబులిచ్చారు. ఫోటోలు సూచన కోసమేనన్నది మొదటిది. లోపం రవాణాకు ముందే ఉందని రుజువు కాలేదన్నది రెండోది. ఆ వెంటనే ఫిర్యాదు మూసేశారు. ఈ రెండు జవాబులూ తప్పని చూపించడానికే ఈ లేఖ రాస్తున్నాను.

ముందు ఒక విషయంలో మీతో ఏకీభవిస్తాను. పెట్టె తెరవని కొత్త వస్తువుకు కంపెనీ తీయించిన కేటలాగ్ ఫోటో పెడితే తప్పు లేదు. అక్కడ ఒక వస్తువుకీ మరో వస్తువుకీ తేడా ఉండదు. వాడిన వస్తువు సంగతి వేరు. దాని గీతలు, నొక్కులు, లోపలి గాజు పరిస్థితి దానికే ప్రత్యేకం. కొనేవాడు ధర ఒప్పుకునేది ఆ పరిస్థితిని చూసే. అక్కడ ఫోటోయే వస్తువు వివరణ. "గాజు శుభ్రంగా ఉంది" అని అబద్ధం రాయడం ఎంత తప్పో, శుభ్రమైన వేరే గాజు ఫోటో పెట్టడమూ అంతే తప్పు.

ఇక ఆ ఆరు ఫోటోల సంగతి. మొదటి రెండూ కేటలాగ్ ఫోటోలని చూడగానే తెలుస్తుంది. వెనుక తెల్లదనం తప్ప ఏమీ లేదు, లెన్సు కింద నీడ కూడా లేదు. ముందు గాజులో రెండు పొడవైన తెల్లటి పట్టీలు ప్రతిబింబిస్తున్నాయి. అవి స్టూడియో దీపాలు. ఇంట్లో టేబుల్ మీద పెట్టి ఫోనుతో తీస్తే ఆ గాజులో కిటికీ కనిపిస్తుంది, ఫోను పట్టుకున్న చేతులు కనిపిస్తాయి. లెన్సు ఫోటో చూసేటప్పుడు నేను ముందుగా చూసేది ఈ ప్రతిబింబాన్నే. ఫోటో ఏ గదిలో తీశారో చాలాసార్లు అదే చెబుతుంది. ఈ రెండు ఫోటోల గురించి నా ఫిర్యాదు లేదు. అవి నన్ను మోసం చేయలేదు.

మోసం చేసినవి మిగిలిన నాలుగు. నాలుగింటిలోనూ లెన్సు చెక్క టేబుల్ మీద ఉంది, వెలుతురు ఇంటి వెలుతురులాగే ఉంది. ఎవరో తమ సొంత వస్తువును తీసిన ఫోటోల్లా ఉన్నాయి, అందుకే నమ్మాను. వస్తువు చేతికొచ్చాక అనుమానం వచ్చి నాలుగింటినీ పక్కపక్కన పెట్టి చూశాను. ఒక్కొక్కటి విడిగా చూసినప్పుడు కనబడనిది అప్పుడు కనబడింది.

నాలుగో, ఐదో ఫోటోల్లో ఫోకస్ రింగు మీద దూరం సూచించే 3 అంకె పక్కన రబ్బరు చిన్న ముక్క ఊడిపోయి ఉంది. ఆరో ఫోటోలో అదే అంకె, అదే రబ్బరు అంచు స్పష్టంగా కనబడుతున్నా అక్కడ ఏ లోపమూ లేదు. ఊడిన రబ్బరు తిరిగి మొలవదు. ఆరో ఫోటో ముందు తీసిందై, ఆ తర్వాత రబ్బరు ఊడి ఉండవచ్చు కదా అని నేనూ ఆలోచించాను. కానీ ఆరో ఫోటోలో లెన్సు గొట్టం మీద ఒక పొడవైన గీత ఉంది. నాలుగో ఫోటోలో అదే చోట నునుపుగా ఉంది. ఏది ముందు తీశారనుకున్నా రెండూ ఒకే లెన్సు కావు. అమ్ముతున్నది ఒక్క లెన్సు, చూపించినవి కనీసం రెండు.

నీడల దిక్కు కూడా మారింది. దానిని నేను రుజువుగా చెప్పడం లేదు. వస్తువును తిప్పినా, ఫోటో తీసేవారు అటువైపు వచ్చినా నీడ మారుతుంది. టేబుల్ చెక్క గీతలు వేరుగా ఉండడమూ అంతే, ఇంట్లో రెండు టేబుళ్లు ఉండవచ్చు. అలాంటివి అనుమానానికి చాలు, ఆరోపణకు చాలవు. వస్తువు మీద ఉన్న గుర్తులు మాత్రం అలా కాదు. అవి వస్తువుతోపాటే ప్రయాణం చేస్తాయి.

తర్వాత ఆ ఫోటోలతోనే ఇంటర్నెట్‌లో వెతికాను. నాలుగో ఫోటోను యథాతథంగా ఇస్తే ఏమీ దొరకలేదు. లెన్సు, టేబుల్ అంచు మాత్రమే మిగిలేలా కత్తిరించి మళ్లీ వెతికితే వేరే వేదికలో వేరే విక్రేత పెట్టిన పాత ప్రకటన దొరికింది. అందులో అదే టేబుల్ మీద తీసిన పదకొండు ఫోటోలు ఉన్నాయి. మీ ప్రకటనలోని నాలుగో, ఐదో ఫోటోలు వాటిలోవే.

ఎవరు ఎవరి నుంచి తీసుకున్నారని మీరు అడగవచ్చు. పాత ప్రకటనలోని ఫోటోలో లెన్సు పక్కన పెట్టె మొత్తం కనిపిస్తుంది. మీ ప్రకటనలో ఆ పెట్టె మూల మాత్రమే కుడి అంచున మిగిలింది. పెద్ద దృశ్యం నుంచి చిన్నదాన్ని కత్తిరించవచ్చు. చిన్న ఫోటోను కత్తిరించి లేని పెట్టెను తీసుకురాలేరు. సాధారణంగా ఎక్కువ దృశ్యం ఉన్నదే మూలానికి దగ్గర. పైగా ఐదో ఫోటోలో సీరియల్ నంబరు చివరి మూడు అంకెలు 417 అని చదవవచ్చు. ఆ పాత ప్రకటనలో విక్రేత రాసిన నంబరు కూడా 417తోనే ముగుస్తుంది. నా చేతిలో ఉన్న లెన్సు నంబరు 862తో ముగుస్తుంది.

ఆరో ఫోటో ఆ లెన్సు మోడల్ గురించి ఎవరో రాసిన పరిచయ వ్యాసంలో దొరికింది. మూడో ఫోటోకు మాత్రం ఎక్కడా జత దొరకలేదు. దొరకలేదు కాబట్టి అది నకలు అని అనను, అసలని ఒప్పుకోనూ లేను. వెతికే సాధనానికి తన జాబితాలో ఉన్న ఫోటోలే తెలుస్తాయి. తొలగించిన ప్రకటనలోదైనా, ఎవరో ప్రైవేటుగా పంపినదైనా దానికి అందదు. అలాగే ఫోటో ఫైలులో తీసిన తేదీ, ఫోను వివరాలు లేకపోవడాన్ని కూడా నేను తప్పుగా ఎంచలేదు. చాలా వేదికలూ సందేశాల యాప్‌లూ ఆ వివరాలను తొలగించే చూపిస్తాయి. అవి లేకపోవడం నిజాయితీపరులకూ జరిగేదే.

కొనే ముందు నేను విక్రేతను మరో ఫోటో అడిగాను. "ఇంకో ఫోటో పంపగలరా" అన్నానంతే. వారు పంపింది పాత ప్రకటనలోని ఆ పదకొండింటిలో మరొకటని తర్వాత తెలిసింది. ఉత్తినే మరో ఫోటో అడిగితే, దొంగిలించిన సంచిలో మిగిలినది తీసి ఇస్తారు. ఆ సంచిలో ఉండే వీలు లేనిది అడగాలి. లెన్సు కింద నేను చెప్పిన మాట చేత్తో రాసిన కాగితం, అదే ఫ్రేములో సీరియల్ నంబరు, వెనుక నుంచి టార్చి వేసినప్పుడు గాజు లోపల కనిపించే తీరు. ఇవి ముందే తీసి పెట్టుకునేవి కావు. వస్తువు దగ్గరున్న వారికి రెండు నిమిషాల పని.

ఇప్పుడు మీ రెండో జవాబు. రవాణాలో లెన్సు పగలవచ్చు, రింగు నొక్కుకుపోవచ్చు. అందుకే నొక్కు విషయం పక్కన పెడతాను. కానీ లోహం మీద చెక్కిన నంబరు రవాణాలో 417 నుంచి 862కు మారదు. గాజు లోపల ఫంగస్ నాలుగు రోజుల ప్రయాణంలో అంచు నుంచి మధ్య దాకా అల్లుకోదు. తేమ పట్టిన చోట చాలాకాలం పడి ఉంటేనే అంతగా పెరుగుతుంది. టార్చి వేసి తీసిన నా ఫోటోలో ఆ దారాలు కనబడతాయి. అందులోనే సీరియల్ నంబరు కూడా ఉంది. వాటిని మీ సిబ్బందికి పంపాను. నంబర్లను పోల్చి చూసినట్టు జవాబులో ఒక్క మాట లేదు.

నేను కోరేది ఇది. నా ఫిర్యాదును తిరిగి తెరిచి, సొమ్ము పూర్తిగా తిరిగి ఇప్పించండి. లెన్సును వెనక్కి పంపే ఖర్చు నా మీద వేయవద్దు. విచారణ ముగిసేదాకా ఆ ప్రకటనను అమ్మకం నుంచి తీసేయండి, కానీ ఫోటోలను చెరిపేయకండి. అవే సాక్ష్యం. విక్రేత మీకు అప్‌లోడ్ చేసిన మూల ఫైళ్లు మీ దగ్గర ఉంటే, నాకు కనబడని తేదీ వివరాలు వాటిలో ఉన్నాయేమో చూడండి. మూడో ఫోటో సంగతి అక్కడ తేలవచ్చు. పాత ప్రకటన పెట్టిన విక్రేతకూ విషయం తెలియజేయండి. వారి ఫోటోల మీద నమ్మకంతోనే నేను డబ్బు కట్టాను, వారికి ఇందులో సంబంధమే లేదు.

మీ వేదిక తీరు గురించి కూడా ఒక మాట. అప్‌లోడ్ అయ్యే ప్రతి ఫోటోకూ ఒక చిన్న వేలిముద్ర లాంటిది తయారు చేసి, పాతవాటితో పోల్చే పద్ధతి చాలాకాలంగా ఉంది. ఫోటోను 9 అడ్డం, 8 నిలువు చుక్కల పరిమాణానికి కుదించి, పక్కపక్క చుక్కల్లో ఏది వెలుతురుగా ఉందో రాసుకుంటే 64 అవును-కాదు జవాబులు వస్తాయి. పరిమాణం మార్చినా, నాణ్యత తగ్గించినా అవి పెద్దగా మారవు. ఎడమను కుడిగా తిప్పితే మాత్రం మారతాయి. కాబట్టి తిప్పిన రూపానికీ ఒక వేలిముద్ర తీయాలి. నా విషయంలోలా బాగా కత్తిరించిన ఫోటోలను ఇది పట్టుకోలేకపోవచ్చు, వేరే వేదికలోని ఫోటోలు మీ జాబితాలో ఉండకపోవచ్చు కూడా. అందుకే జత దొరికిన ప్రకటనను వెంటనే శిక్షించమని కోరడం లేదు. తన పాత ప్రకటననే మళ్లీ పెట్టుకున్న విక్రేత కూడా ఇందులో చిక్కుతారు. జత దొరికినప్పుడు ఒక మనిషి చూడాలి, నంబరు కనబడే కొత్త ఫోటో అడగాలి. ఇంతకన్నా సులభమైనది మరొకటి ఉంది: వాడిన వస్తువుల ప్రకటనల్లో కేటలాగ్ ఫోటోకూ అసలు వస్తువు ఫోటోకూ వేర్వేరు గళ్లు పెట్టి, రెండోది ఖాళీగా ఉంటే ప్రకటన వెలువడకుండా చూడండి.

ఆరు ఫోటోల ప్రతులు, పాత ప్రకటన తెరపట్టు, నా లెన్సు నంబరు, టార్చి ఫోటో, విక్రేతతో జరిగిన సంభాషణ ఈ లేఖకు జతచేశాను. లెన్సును వచ్చిన పెట్టెలోనే, వాడకుండా ఉంచాను. పదిహేను రోజుల్లోగా రాతపూర్వకంగా జవాబివ్వండి. ఆ జవాబులో 417, 862 నంబర్ల తేడాకు మీ వివరణ తప్పక ఉండాలి.

ఇట్లు,
మీ కొనుగోలుదారు