మన హ్యామ్ రేడియో సంఘం వార్షిక నివేదిక: ఇరవై మీటర్ల డైపోల్ కట్టిన సంవత్సరం

గౌరవ సభ్యులకు నమస్కారములు. సర్వసభ్య సమావేశ నియమం ప్రకారం ఈ సంవత్సరపు కార్యకలాపాల నివేదికను మీ ముందుంచుతున్నాను. జమాఖర్చుల పట్టికను కోశాధికారి గారు విడిగా పంచారు. ఆడిటరు గారు సంతకం చేశారు, చందా బకాయిలున్న వారికి తమ సంగతి తెలుసు కనుక అంతకు మించి చెప్పేదేమీ లేదు. వారం వారం రేడియో నెట్ నడిపిన కంట్రోలర్లకు, పరీక్షకు కూర్చునే పిల్లలకు మోర్స్ నేర్పిన పెద్దలకు, ఆవరణలో జి.ఐ. స్తంభాలు పాతుకోవడానికి అనుమతించిన భవన యజమానికి, పనివేళల్లో ఫలహారం పంపిన వారి శ్రీమతికి సంఘం పక్షాన హృదయపూర్వక కృతజ్ఞతలు.

ఈ ఏడాది సంఘం గర్వంగా చెప్పుకోదగిన పని, విజయవాడలోని మన గది ఆవరణలో ఇరవై మీటర్ల బ్యాండ్‌లోని 14.2 మెగాహెర్ట్జ్‌కు హాఫ్‌వేవ్ డైపోల్‌ను సభ్యుల చేతనే కొలిపించి, కోయించి, కట్టించడం. తాళ్లు లాగడానికి పేర్లిచ్చిన వారిలో సగం మంది కూడా రాలేదని చెప్పక తప్పదు. స్తంభాల అనుమతి కాగితం ఒక కార్యాలయంలో బల్ల మారడానికే వేసవి గడిచిపోయింది. అయినా పని పూర్తయింది కనుక, రాని వారి కోసం కూడా దానిని కొంచెం వివరంగా రాస్తున్నాను.

తరంగదైర్ఘ్యం మీటర్లలో కావాలంటే 300ను మెగాహెర్ట్జ్‌లతో భాగిస్తాము. 14.2కు అది 21.13 మీటర్లు, అందులో సగం 10.56 మీటర్లు. అయితే తీగను సరిగ్గా 10.56 మీటర్లకు కోస్తే యాంటెన్నా 14.2 వద్ద కాక అంతకంటే కింది ఫ్రీక్వెన్సీలో రెజొనెన్స్‌కు వస్తుంది. తీగకు కొంత మందం ఉండటం వల్ల, కొసల దగ్గర పోగుపడే ఛార్జి వల్ల, చివర్లలో కట్టే ఇన్సులేటర్ల వల్ల, తీగ తన అసలు పొడవు కంటే కొంచెం పొడుగ్గా ఉన్నట్టు ప్రవర్తిస్తుంది. అందుకే అనుభవజ్ఞులు 150కి బదులు 143ను ఫ్రీక్వెన్సీతో భాగిస్తారు. ఆ లెక్కన మొత్తం 10.07 మీటర్లు, మధ్యలో ఫీడ్ పాయింట్‌కు అటూ ఇటూ చెరో 5.03 మీటర్లు వచ్చాయి.

ఈ లెక్క బోడి రాగి తీగకు సరిపోతుంది. మనం వాడినది ఇంటి వైరింగుకు వాడే పీవీసీ తొడుగు తీగ. ఆ తొడుగు తరంగాన్ని ఇంకొంచెం నెమ్మదింపజేస్తుంది కనుక, పైకెత్తి యాంటెన్నాను కొలిచే నానో వీఎన్‌ఏతో చూసినప్పుడు, యాంటెన్నా నుంచి వెనక్కి తిరిగి వచ్చే శక్తి ఎంతో సూచించే ఎస్.డబ్ల్యూ.ఆర్. గీత 13.8 మెగాహెర్ట్జ్ వద్ద అడుగుకు దిగింది. ఇక్కడే కుర్ర సభ్యులొకరు కటింగ్ ప్లేయర్ అందుకోబోగా ఆపవలసి వచ్చింది. పొడవును ఫ్రీక్వెన్సీతో గుణిస్తే వచ్చే అంకె దాదాపు మారదు కనుక, 10.07ను 13.8తో గుణించి 14.2తో భాగిస్తే కావలసిన పొడవు 9.79 మీటర్లని తేలింది. అంటే తగ్గించవలసినది 28 సెంటీమీటర్లు, ఒక్కో చేతికి 14. అదైనా వెంటనే కోయకుండా, కొసను వెనక్కి మడిచి తీగకే బిగుతుగా చుట్టి, మళ్లీ ఎత్తి చూసి, గీత అడుగు 14.2కు చేరిన తరువాతే ఖాయం చేశాము. కోసిన తీగను అతకడం కంటే మడిచిన తీగను విప్పడం తేలిక.

ఎస్.డబ్ల్యూ.ఆర్. 1కి దిగకుండా 1.4 దగ్గర ఆగిందని కొందరు ఆందోళన చెందారు. డైపోల్ మధ్యలో ఇంపెడెన్స్ స్వేచ్ఛాకాశంలో 73 ఓమ్‌లు, మన కోయాక్స్ 50 ఓమ్‌లు. ఆ నిష్పత్తి అంతే ఉంటుంది. పైగా ఎస్.డబ్ల్యూ.ఆర్. బాగుంటే రేడియేషన్ బాగున్నట్టు కాదు. డమ్మీ లోడ్‌కు ఎస్.డబ్ల్యూ.ఆర్. దివ్యంగా ఉంటుంది, కానీ దాని పిలుపు పక్క వీధికైనా చేరదు.

ఇక శక్తి ఎటు వెళ్తుందన్న విషయం. తీగ కొసల నుంచి సిగ్నల్ బాణంలా బయటకు పోతుందని చాలామంది అనుకుంటున్నట్టు ఆ రోజే తెలిసింది. కొసల వద్ద ఉండేది వోల్టేజి. అందుకే అవి చేతికందని ఎత్తున ఉండాలి. కరెంటు మాత్రం మధ్యలో అత్యధికంగా ఉండి కొసలకు పోయేసరికి సున్నా అవుతుంది, రేడియేషన్‌లో ఎక్కువ పాలు ఆ మధ్య భాగానిదే. కరెంటు మోసే ఏ చిన్న తీగ ముక్కా తన పొడవు వెంబడి ప్రసరించదు, అడ్డంగానే ప్రసరిస్తుంది. తీగకు లంబంగా దూరాన నిలబడిన వారికి అన్ని ముక్కల తరంగాలూ ఒకే ఫేజులో చేరి కూడుకుంటాయి. స్వేచ్ఛాకాశంలో ఈ రేడియేషన్ ఆకారం గారెను పోలి ఉంటుంది: తీగ దాని చిల్లులోంచి దూరి ఉంటుంది, బలమంతా చుట్టూ ఉన్న పిండిలో ఉంటుంది, చిల్లు దిక్కున ఏమీ ఉండదు.

మన స్తంభాలు ఈశాన్య, నైరుతి మూలల్లో ఉన్నాయి కనుక బలమైన దిక్కులు వాయవ్యం, ఆగ్నేయం అయ్యాయి. విజయవాడ నుంచి వాయవ్యాన ఐరోపా, ఆగ్నేయాన ఆస్ట్రేలియా ఉన్నాయి. జపాన్ మాత్రం దాదాపు తీగ కొస చూపే దిక్కునే ఉంది. దీనిని 14.100 మెగాహెర్ట్జ్ మీద వంతులవారీగా ప్రసారమయ్యే అంతర్జాతీయ బీకన్లతో పరీక్షించాము. ఒక్కో బీకన్ వంతు పది సెకన్లు, పద్దెనిమిది వంతులకు మూడు నిమిషాలు. ఆకాశ పరిస్థితి క్షణక్షణం మారుతుంది కనుక ఒక బీకన్‌ను మరొక బీకన్‌తో పోల్చడం న్యాయం కాదు. కాబట్టి ఒకే బీకన్‌ను, అన్ని దిక్కులకూ సమానంగా పనిచేసే వర్టికల్‌కూ డైపోల్‌కూ స్విచ్ మారుస్తూ విన్నాము. ఫిన్లాండ్ బీకన్ OH2B డైపోల్ మీద స్పష్టంగా పైచేయిగా ఉంది. జపాన్ బీకన్ JA2IGY వర్టికల్ మీదే మెరుగ్గా వినిపించింది.

అయితే జపాన్ పూర్తిగా మాయం కాలేదు, దానికి కారణం ఎత్తు. తీగ నేల నుంచి 10.5 మీటర్ల ఎత్తున, అంటే ఈ బ్యాండ్‌లో అర తరంగదైర్ఘ్యం ఎత్తున ఉంది. నేల మీద పరావర్తనం చెందిన తరంగం నేరు తరంగంతో కలిసి, దిగంతం నుంచి సుమారు 30 డిగ్రీల పైకి బలమైన కిరణాన్ని ఏర్పరుస్తుంది. ఆ కోణంలో చూస్తే కొస దిక్కున శూన్యం కొంత పూడుకుపోతుంది. లెక్క ప్రకారం అక్కడ తగ్గుదల 7, 8 డెసిబెల్స్, అంటే ఎస్ మీటరు మీద ఒక గీత కంటే కాస్త ఎక్కువ.

అవే స్తంభాల మీద పూర్వం నుంచి ఉన్న నలభై మీటర్ల డైపోల్‌కు ఇదే ఎత్తు పావు తరంగదైర్ఘ్యం మాత్రమే. దాని శక్తి ఎక్కువగా నడినెత్తికి వెళ్లి, అయనోస్ఫియర్ నుంచి మన చుట్టుపక్కల కొన్ని వందల కిలోమీటర్ల మేర దిగుతుంది. పగటి నెట్‌లో హైదరాబాద్, విశాఖ, తిరుపతి స్టేషన్లు దిక్కుతో పని లేకుండా వినిపించడానికి కారణం అదే. ఆ తీగను తిప్పి కట్టాలని ఏటా వచ్చే ప్రతిపాదనను కార్యవర్గం ఈసారి కూడా తోసిపుచ్చింది.

వచ్చే ఏడాది జపాన్ కోసం వాయవ్యం నుంచి ఆగ్నేయానికి రెండో ఇరవై మీటర్ల డైపోల్ కట్టి, రెండింటి మధ్య స్విచ్ పెట్టాలని ప్రతిపాదిస్తున్నాము. తీగ, ఇన్సులేటర్లు, బాలన్ ఇప్పటికే ఉన్నాయి. కావలసినవి ఇంకో రెండు స్తంభాలు, ఒక్కో తాడుకు ఇద్దరు మనుషులు. పేర్లు ఇచ్చేవారు ఆ రోజు వచ్చేవారై ఉండాలని మనవి.

ఇట్లు,
కార్యదర్శి