వైడ్‌స్క్రీన్‌కు మార్చిన స్లైడ్లలో రక్తకణాల చిత్రాలు సాగిపోవడంపై ఫిర్యాదు

స్లైడ్ల తయారీ విభాగం నిర్వాహకులకు,

విషయం: 4:3 స్లైడ్లను 16:9కు మార్చిన పనిలో లోపాలు, దానిని తిరిగి చేయవలసిన విధానం.

ఆర్యా,

రక్తకణాల పరిశీలనపై మా పాఠాల స్లైడ్లను వైడ్‌స్క్రీన్‌కు మార్చే పనిని మీ సంస్థకు అప్పగించినప్పుడు, బొమ్మలు సాగకూడదనీ వాటిపై ఉన్న బాణాలు చోటు తప్పకూడదనీ లిఖితపూర్వకంగా కోరాము. మీరు పంపిన ఫైలులో మాత్రం ఆ రెండు పొరపాట్లూ జరిగాయి.

మైక్రోస్కోపు చిత్రంలో ఆరోగ్యవంతమైన ఎర్ర రక్తకణం గుండ్రంగా కనబడాలి. మీ స్లైడ్లలో అది కోడిగుడ్డులా కనబడుతోంది. కణాలు అలా కోలగా ఉండటం ఎలిప్టోసైటోసిస్ అనే రక్తదోషానికి లక్షణం కనుక, మామూలు రక్తానికి ఉదాహరణగా పెట్టిన చిత్రాన్ని చూసిన విద్యార్థి దానిని రోగిది అనుకుంటాడు. కొలతలు కూడా చెడిపోయాయి. చిత్రం అడుగున ఉన్న 10 మైక్రోమీటర్ల గీత కూడా అడ్డంగా సాగింది కాబట్టి, 7.5 మైక్రోమీటర్ల కణాన్ని ఆ గీతతో నిలువుగా కొలిస్తే దాదాపు 5.6 అని వస్తుంది. మా పాఠంలో ఆకారం, పరిమాణమే ప్రధానం కనుక దీనిని అందచందాలకు సంబంధించిన చిన్న లోపంగా మేము చూడలేము.

ఇది ఎలా జరిగిందో ఫైలే చెబుతుంది. పాత స్లైడు 10 అంగుళాల వెడల్పు, 7.5 అంగుళాల ఎత్తు, కొత్తది 13.333 అంగుళాల వెడల్పు, అదే ఎత్తు. అంటే వెడల్పు మూడో వంతు పెరిగింది. ఏ బొమ్మనైనా ఎంచుకొని Format Picture లోని కొలతలు చూస్తే, Scale Height 60% ఉన్నచోట Scale Width 80% ఉంది. బొమ్మ కూడా సరిగ్గా మూడో వంతే సాగిందన్నమాట. Lock aspect ratio గుర్తు పెట్టే ఉందని మీ ప్రతినిధి సమాధానమిచ్చారు. ఆ గుర్తు ఆ తరువాత చేతితో పరిమాణం మార్చేటప్పుడు నిష్పత్తిని కాపాడుతుందే తప్ప, అప్పటికే సాగిన బొమ్మ సరిగా ఉందనడానికి రుజువు కాదు. పవర్‌పాయింట్ 2010లోనూ అంతకు ముందు వెర్షన్లలోనూ Page Setup ద్వారా పరిమాణం మార్చితే స్లైడుపై ఉన్నవన్నీ ఇలాగే సాగేవి. 2013 నుంచి Design లోని Slide Size ద్వారా Widescreen ఎంచుకుంటే స్లైడుపై విడిగా ఉన్న బొమ్మల నిష్పత్తి మామూలుగా నిలుస్తుంది.

మా మొదటి అభ్యంతరం తరువాత మీరు పంపిన సవరణ పరిస్థితిని ఇంకా దిగజార్చింది. Reset Picture & Size నొక్కడంతో బొమ్మల నిష్పత్తి తిరిగి వచ్చిన మాట నిజమే కానీ, మేము చేసిన క్రాపింగ్ పోయి, ప్రతి బొమ్మా అసలు పరిమాణానికి పెరిగింది. బాణాలు మాత్రం సాగిన స్థానాల్లోనే ఉండిపోయాయి కనుక, తెల్ల రక్తకణాన్ని చూపవలసిన బాణం ఇప్పుడు ఖాళీ స్థలాన్ని చూపుతోంది.

అందువల్ల ఈ ఫైలుకే అతుకులు వేయకుండా, మేమిచ్చిన 4:3 ఫైలు నకలుతో పనిని మళ్లీ మొదలుపెట్టవలసిందిగా కోరుతున్నాము. పరిమాణం మార్చకముందే ప్రతి బొమ్మనూ దానిపై ఉన్న బాణాలు, పేర్లతో కలిపి గ్రూపు చేయాలి. ప్లేస్‌హోల్డరులో ఉన్న బొమ్మ గ్రూపులో చేరదు కనుక, దానిని కత్తిరించి, మిగిలిన ఖాళీ ప్లేస్‌హోల్డరును తొలగించాక అదే స్లైడుపై విడి బొమ్మగా అతికించి, పాత చోటనే అమర్చాలి. పరిమాణం మార్చిన తరువాత Slide Master తెరిచి, శీర్షిక, పాఠ్యం పెట్టెలను అక్కడే సరిచేస్తే వాటిని అనుసరించే స్లైడ్లన్నీ ఒకే తీరుగా ఉంటాయి. ఒక్కో స్లైడులో పెట్టెలను చేతితో జరపడం వల్లనే మీ ఫైలులో శీర్షికలు పేజీ పేజీకీ ఎగుడుదిగుడుగా ఉన్నాయి. మాస్టరులోని నేపథ్య చిత్రం, మా చిహ్నం విడిగా చూడాలి. నేపథ్యంగా నింపిన చిత్రం స్లైడుతో పాటు సాగుతుంది కాబట్టి, దానిని 16:9కు క్రాప్ చేసి కొత్తగా పెట్టాలి.

స్లైడంతా నిండిన మైక్రోస్కోపు చిత్రాల విషయంలో మాత్రం రాజీ తప్పదు. 4:3 చిత్రంతో కొత్త వెడల్పును నింపాలంటే ఎత్తులో నాలుగో వంతు కోయాలి, లేదా ఇరువైపులా 1.67 అంగుళాల చొప్పున ఖాళీ వదలాలి. అంచుల్లోని కణాలు కూడా పాఠానికి అవసరం కనుక మాకు ఖాళీయే సమ్మతం. ఆ చోటును నింపడానికి ఏ బొమ్మనూ పెంచవద్దు.

అప్పగించే ముందు ప్రతి బొమ్మకూ రెండు స్కేలు శాతాలు సమానంగా ఉన్నాయో లేదో, పాత స్లైడులో ఏ కణాన్ని చూపిన బాణం కొత్త స్లైడులోనూ ఆ కణాన్నే చూపుతోందో లేదో సరిచూడండి. ఈ సవరణకు అదనపు రుసుము చెల్లించేది లేదు. పదిహేను రోజులలోగా సరైన ఫైలు అందకపోతే, ఇప్పటికే చెల్లించిన మొత్తాన్ని తిరిగి ఇవ్వవలసిందిగా కోరుతున్నాము.

ఇట్లు,
రక్తపరీక్షల పాఠాల బోధకురాలు