కార్తీక పంచారామాలు ఒక్క రోజులో: నవంబర్ 23 సోమవారం, 28 శనివారం (విజయవాడ నుంచి)

ఈసారి రెండు ట్రిప్పులు వేస్తున్నాం. 23 సోమవారం, పౌర్ణమికి ముందు రోజు, సీటు 1,950. 28 శనివారం, సీటు 1,750. బస్సు అదే, భోజనం అదే, తిరిగే గుళ్లూ అవే. కార్తీక సోమవారానికి బస్సుల అద్దె పెరిగిపోతుంది కాబట్టే ఆ 200 తేడా, ఇంకేం లేదు.

ఆదివారం అర్ధరాత్రి దాటాక 1:30కి బెంజ్ సర్కిల్ దగ్గర బస్సు కదులుతుంది (శనివారం ట్రిప్పుకి శుక్రవారం అర్ధరాత్రి దాటాక, తేదీ దగ్గర పొరపాటు పడొద్దు). తెల్లారకముందే అమరావతిలో అమరేశ్వరుడి దర్శనం చేసుకుని, మళ్లీ విజయవాడ మీదుగానే భీమవరం వెళ్తాం, దారిలో టిఫిన్. అమరావతి ఇప్పటికే చూసినవాళ్లు పొద్దున 6కి బెంజ్ సర్కిల్లోనే ఎక్కొచ్చు, కానీ రేటు తగ్గదు, ఆ సీటు అప్పటిదాకా ఖాళీగానే వస్తుంది కదా. భీమవరం గునుపూడిలో సోమేశ్వరుడు, అక్కడినుంచి గంటలోపే పాలకొల్లు క్షీరారామం. భోజనం అయ్యాక రావులపాలెం మీదుగా ద్రాక్షారామం, సాయంత్రానికి సామర్లకోట. తిరిగి విజయవాడ చేరేసరికి రాత్రి ఒంటి గంట అవుతుంది, రెండైనా ఆశ్చర్యపోకండి.

ఈ ప్లాన్ అంతా ఒక్క విషయం మీద ఆధారపడి ఉంది: మధ్యాహ్నం గుడి తలుపులు వేసే టైం. మామూలు రోజుల్లో పాలకొల్లు దర్శనం 12 లోపు అయిపోవాలి, ఆ తర్వాత తలుపులు వేసి ఉన్న రెండు మూడు గంటలూ మనం భోజనంలోనూ రోడ్డు మీదా ఉంటాం, ద్రాక్షారామం చేరేసరికి మళ్లీ తెరుస్తారు. శనివారం ఇది బాగానే కుదురుతుంది. సోమవారం మాత్రం భీమవరం క్యూలోనే రెండు గంటలు పోతే పాలకొల్లు చేరేసరికి 12 దాటిపోతుంది. రద్దీని బట్టి కార్తీక సోమవారాల్లో మధ్యాహ్నం కూడా దర్శనం ఇస్తుంటారు, కానీ దాన్ని నమ్ముకుని నేను మాట ఇవ్వలేను. అందుకే సోమవారం ట్రిప్పుకి "సూర్యాస్తమయం లోపు ఐదూ" అని రాయడం లేదు. ఐదూ చూపిస్తాం, సామర్లకోట రాత్రి 9 అవ్వొచ్చు, ఇల్లు చేరేసరికి తెల్లవారుజాము అవ్వొచ్చు.

పెద్దవాళ్లను తీసుకొచ్చేవాళ్లకు నా సలహా శనివారమే. నడక, నిలబడటం ఒక ఎత్తయితే మెట్లు ఇంకో ఎత్తు. ద్రాక్షారామం, సామర్లకోటల్లో లింగం రెండంతస్తుల ఎత్తుంటుంది, పైభాగం చూడాలంటే మెట్లెక్కాలి. భీమవరంలో అన్నపూర్ణమ్మ స్వామికి పై అంతస్తులో ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కింద దర్శనం చేసుకుని కూర్చోవచ్చు, ఎవరినీ తొందరపెట్టం.

రేటులో కలిసినవి: పుష్‌బ్యాక్ బస్సు, ఇద్దరు డ్రైవర్లు, టోల్, పార్కింగ్, టిఫిన్, ఉల్లి వెల్లుల్లి లేని భోజనం, సాయంత్రం టీ, మంచినీళ్లు. సోమవారం ఉపవాసం ఉండేవాళ్లకు భోజనం బదులు పళ్లు, పాలు ఇస్తాం, బుకింగ్ అప్పుడే చెప్పాలి, బస్సెక్కాక చెప్తే అరటిపళ్లే గతి.

కలవనివి: స్పెషల్ దర్శనం, అభిషేకం టికెట్లు, పూజ సామాను, రాత్రి భోజనం (హైవే మీద హోటల్ దగ్గర ఆపుతాం, ఎవరిది వాళ్లదే). సోమవారం పోలీసులు బస్సుల్ని గుడికి దూరంగా ఆపేస్తారు, అక్కడినుంచి ఆటో ఖర్చు కూడా మీదే. స్నానానికి రూమ్ తీసుకోవడం లేదు, ఇంట్లో తలస్నానం చేసి రండి. 365 వత్తులు ఇంటి దగ్గరే నేతిలో తడిపి డబ్బాలో తెచ్చుకుంటే మంచిది, దయచేసి మూత సరిగ్గా లేని నూనె సీసాలు మాత్రం వద్దు, సీటు కవర్ల మరకలు వదలడం లేదు.

ఆఖరు తేదీలు: సోమవారం ట్రిప్పుకి నవంబర్ 12 సాయంత్రం 6, శనివారం ట్రిప్పుకి 18 సాయంత్రం 6. ఆ తర్వాత బస్సు ఓనరుకి, వంటవాళ్లకి మేం అడ్వాన్సు కట్టేస్తాం. ఆలోపు వద్దనుకుంటే మొత్తం డబ్బు వెనక్కి ఇస్తాం. దాటాక డబ్బు రాదు, కానీ మీ బదులు ఇంకొకరిని పంపొచ్చు, పేరు మార్చడానికి ఏమీ తీసుకోం. ముప్పై మంది కాకపోతే పెద్ద బస్సు బదులు టెంపో ట్రావెలర్ వేస్తాం, సీట్లు కొంచెం ఇరుకు, అది ఇష్టం లేనివాళ్లకు డబ్బు తిరిగి ఇచ్చేస్తాం.

సీటుకి వెయ్యి అడ్వాన్సు, మిగతాది బస్సు దగ్గర. వాట్సాప్‌లో పేర్లు, వయసులు, ఏ తేదీ, ఉపవాసం ఎవరికి, ఎక్కడ ఎక్కుతారు, ఈ ఐదూ ఒకే మెసేజ్‌లో పంపండి.